అక్క కీమో గురించి: మూడో రోజు జాగ్రత్త

చి. సుజాతకు,

అక్కకి సోమవారం మొదటి కీమో అన్నావు. ఎక్కించేది ఎర్ర మందు, దాంతో పాటు సైక్లోఫాస్ఫమైడ్. ఈ రెండూ కలిస్తే వాంతులు గట్టిగానే తెప్పిస్తాయి. ఇన్నేళ్లు కీమో వార్డులో నర్సుగా చేశాను కదా, నాకు మొదటి రోజు కంటే మూడో రోజంటేనే ఎక్కువ భయం.

ఎందుకో చెబుతాను. మందు ఒంట్లోకి వెళ్లగానే చిన్న పేగు గోడలోని కొన్ని కణాలు దెబ్బతిని సెరటోనిన్ వదులుతాయి. అది పక్కనున్న నరాన్ని తట్టి, విషం తిన్నామన్న కబురు మెదడుకి పంపుతుంది. మొదటి 24 గంటల వాంతులు ఎక్కువగా దీనివల్లే. ఓండాన్‌సెట్రాన్, పాలోనోసెట్రాన్ ఆ నరం మీద సెరటోనిన్ అంటుకునే చోట ముందే కూర్చుంటాయి. అందుకే వాటిని కీమోకి ముందే ఇస్తారు.

రెండో రోజు నుంచి మెదడులో సబ్‌స్టెన్స్ పి అనే మరో పదార్థం పని మొదలుపెడుతుంది. దాన్ని ఆపేది అప్రెపిటెంట్. మామూలుగా మొదటి రోజు 125, తర్వాత రెండు రోజులు 80 మిల్లీగ్రాముల గుళికలు ఇస్తారు. తోడుగా డెక్సామెథసోన్ ఉంటుంది. అది షుగర్ పెంచుతుంది కాబట్టి అక్కకి షుగరుందని డాక్టరుగారికి ముందే చెప్పు. రాత్రి ఓలాంజపిన్ కూడా రాస్తే కంగారు పడకు. మానసిక జబ్బుకి వాడే మందే అయినా వికారాన్ని బాగా తగ్గిస్తుంది. మర్నాడు మత్తుగా ఉంటుంది, బాత్రూముకి వెళ్లేటప్పుడు పట్టుకో.

మా వార్డులో ఒకావిడ కీమో మర్నాడు హాయిగా ఇడ్లీ తిని, బాగానే ఉన్నాను కదా అని మిగతా మాత్రలు మానేసింది. మూడో రోజు రాత్రి మొదలైన వాంతులకి సెలైన్ పెట్టాల్సి వచ్చింది. రెండోసారి మాత్రలన్నీ వేసుకుంది, వాంతి కాలేదు. కానీ వార్డు గుమ్మంలో స్పిరిట్ వాసన తగలగానే కడుపులో తిప్పింది. మొదటిసారి పడిన బాధని మెదడు ఆ వాసనతో ముడిపెట్టుకుంది. ఆ ముడి పడ్డాక మందులు అంతగా పనిచేయవు. అందుకే మొదటి కీమోకే ఇంత పట్టుబడుతున్నాను.

ఇదే కారణంతో, ఆ రెండు మూడు రోజులు అక్కకి ఇష్టమైన గుత్తివంకాయ వండకు. వికారంలో తిన్నది తర్వాత నెలల తరబడి సహించదు.

రుచి పోవడం వేరే సంగతి. నాలుక మీద రుచి కణాలు పది రోజులకోసారి కొత్తవి పుడతాయి. త్వరగా పెరిగే కణాలనే కీమో కొడుతుంది గనక అవీ దెబ్బతింటాయి. దీనికి వాంతుల మాత్ర పనిచేయదు. నోట్లో ఇనుము రుచి అంటే స్టీలు చెంచా మార్చి చూడు. వేడి అన్నం వాసన పడకపోతే చల్లారిన పెరుగన్నం, కొద్దికొద్దిగా, ఆరేడు సార్లు పెట్టు. ఆకలి వేశాక పెడదామని ఆగకు, ఆ రోజుల్లో ఆకలి తెలియదు.

ఓండాన్‌సెట్రాన్‌తో మలబద్ధకం వస్తుంది. దానివల్ల కూడా వికారం పెరుగుతుంది, రోజూ అడుగుతూ ఉండు. నీళ్లు కూడా నిలవకపోయినా, మూత్రం బాగా తగ్గినా, జ్వరం 100.4 దాటినా తెల్లారేదాకా ఆగకుండా ఆసుపత్రికి ఫోన్ చెయ్యి.

మందుల చీటీ ఫోటో తీసి ఆదివారం లోపు పంపు.

మీ పిన్ని