నలుగురి రేట్లు ఒకే కొలతకు రావాలంటే

ప్రశ్న: విశాఖపట్నంలో ఎంబీఏ రెండో సంవత్సరం చదువుతూ, పరవాడలోని ఒక మందుల కంపెనీ పర్చేజ్ విభాగంలో ఇంటర్న్‌షిప్ చేస్తున్నాను. సిబ్బంది బస్సుల కోసం నలుగురు ట్రావెల్స్ వాళ్లకు ఒకేసారి పంపే ఆర్‌ఎఫ్‌పీ, అంటే ప్రతిపాదనలు అడిగే పత్రం, రాయమన్నారు. పాత ఫైలులో ఒక్క పేరా మాత్రమే ఉంది. ఎక్కడ మొదలుపెట్టాలి మేడమ్?

జవాబు: ఆ ఒక్క పేరాతో ఏం జరిగి ఉంటుందో ఊహించగలను. కౌన్సెలింగ్‌లోకి రాకముందు నేనూ ఒక కర్మాగారం పర్చేజ్ విభాగంలో పనిచేశాను. "మంచి కండిషన్‌లో ఉన్న నాలుగు బస్సులు కావాలి, మీ రేటు తెలపండి" అని రాసి పంపాం. ఒకరు నెలకు ఇంత అన్నారు, ఇంకొకరు కిలోమీటరుకు, మరొకరు ట్రిప్పుకు. ఒకరి రేటులో డీజిల్ కలిసి ఉంది, మరొకరి రేటులో లేదు. వారం రోజులు లెక్కలు వేసినా ఎవరిది తక్కువో తేలలేదు. అందరినీ మళ్లీ అడిగేసరికి ఒకరి రేటు మరొకరికి తెలిసిపోయింది. అడిగిన తీరులోనే తప్పుంది.

కాబట్టి రేటు పట్టికతో మొదలుపెట్టండి. గడులు మీరే గీసి ఇవ్వండి, వాళ్లు అంకెలు మాత్రమే నింపాలి. ఒక బస్సుకు నెలకు 2,500 కిలోమీటర్ల వరకు డ్రైవర్, డీజిల్‌తో కలిపి ఎంత? ఆపైన ప్రతి కిలోమీటరుకు ఎంత? జీఎస్టీ విడిగా ఎంత? డీజిల్ ధర మారితే రేటు ఎలా మారుతుందో కూడా మీరే రాయండి. అది వదిలేస్తే ఒకరు ముందుజాగ్రత్తగా పెంచి వేస్తారు, ఇంకొకరు తక్కువకు వేసి మూడో నెలలో పెంచమంటారు. 2,500 అనే అంకె ఉదాహరణకే. మద్దిలపాలెం, ఎన్‌ఏడీ, గాజువాక, కూర్మన్నపాలెం మీదుగా మీ బస్సు నిజంగా ఎంత తిరుగుతుందో మూడు షిఫ్టులకూ మీరే కొలిచి, ఎక్కే మనుషుల లెక్కతో జత చేయండి.

తర్వాత "మంచి కండిషన్" లాంటి మాటలను కొలవగలిగే మాటలుగా మార్చండి. ఫిట్‌నెస్ సర్టిఫికెట్, పర్మిట్, ఇన్సూరెన్స్ లేనివాళ్లను పక్కన పెట్టాల్సిందే, వాటికి మార్కులు వేయకూడదు. ఆరేళ్లు దాటిన బస్సు వద్దనుకుంటే అలాగే రాయండి. మార్కులు మిగతావాటికి: రేటుకు 50, బస్సు చెడిపోతే బదులు బస్సు వచ్చే సమయానికి 25, బస్సు వయసుకు 15, షిఫ్టు బస్సులు నడిపిన అనుభవానికి 10 అనుకుందాం. బదులు బస్సు 45 నిమిషాల్లోపు వస్తే 25, 90 నిమిషాల్లోపు అయితే 12, ఆపైన సున్నా. మూడేళ్లలోపు బస్సుకు 15, ఆరేళ్లలోపు అయితే 8. రాత్రి షిఫ్టుకు వెళ్లే ముప్పై మంది ఎన్‌ఏడీ దగ్గర రోడ్డు మీద నిలబడిపోతే ఏమవుతుందో తెలిసిన ఏ మేనేజరైనా ఆ 25 మార్కులను తగ్గించడు.

రేటు మార్కులకు అతి తక్కువ రేటును ఒక్కో ట్రావెల్స్ రేటుతో భాగించి 50తో గుణించండి. ఉదాహరణకు, మొదటి ట్రావెల్స్ అన్ని బస్సులకూ కలిపి నెలకు 4,00,000 రూపాయలు అడిగి, బదులు బస్సుకు రెండు గంటలు పడుతుందంది. రేటుకు 50, బదులు బస్సుకు సున్నా, కొత్త బస్సులకు 15, అనుభవానికి 7, మొత్తం 72. రెండో ట్రావెల్స్ 4,40,000 అడిగింది. రేటుకు 45.45 వచ్చాయి, అరగంటలో బదులు బస్సు ఇస్తామన్నందుకు 25, బస్సు వయసుకు 8, అనుభవానికి 7, మొత్తం 85.45. నెలకు 40,000 ఎక్కువైనా రెండోదే ఎందుకో పై అధికారికి ఈ కాగితమే చెబుతుంది. దేనికి ఎన్ని మార్కులో ఆర్‌ఎఫ్‌పీ పంపకముందే ఖరారు చేసి అందులోనే అచ్చు వేయాలి. మీ మేనేజర్ ఏది ఏమైనా తక్కువ రేటుకే ఇస్తారని తెలిస్తే మాత్రం మార్కులు పెట్టకండి. కనీస అర్హతలు రాసి, అవి ఉన్నవారిలో తక్కువ రేటు వారికే ఇస్తామని చెప్పండి. పాటించని నియమం రాస్తే వచ్చే ఏడాది మీ పిలుపుకు ఎవరూ పలకరు.

గడువును "వీలైనంత త్వరగా" అని రాయకండి. తేదీ, గంట, పంపవలసిన చిరునామా మూడూ ఉండాలి. ఇలాంటి పనికి పదిహేను రోజులు సరిపోతాయి. ఆరో రోజు వరకు సందేహాలు రాతపూర్వకంగా తీసుకుని, ఎనిమిదో రోజున అన్నిటికీ జవాబులు నలుగురికీ ఒకేసారి పంపండి, అడిగినవారి పేరు లేకుండా. ఫోనులో ఒక్కరికి చెప్పిన జవాబు మిగతా ముగ్గురికి అన్యాయం. మెయిల్ పంపేటప్పుడు చిరునామాలన్నీ బీసీసీ గడిలో పెట్టండి. పోటీలో ఎవరున్నారో కనిపిస్తే వాళ్లు ముందే మాట్లాడుకునే అవకాశం ఉంది. గడువు దాటి వచ్చినదాన్ని తెరవబోమని రాసి, నిజంగానే తెరవకండి. రేట్లు అరవై రోజులు చెల్లాలని కూడా చేర్చండి, మీ కంపెనీలో సంతకాలు పూర్తవడానికి అంత సమయం పట్టవచ్చు.

ఇంటర్న్‌షిప్ ముగిశాక ఈ రేటు పట్టిక, మార్కుల కాగితం నమూనాలను కంపెనీ పేరు, ట్రావెల్స్ పేర్లు, అసలు రేట్లు తీసేసి, మేనేజర్ అనుమతితో దగ్గర ఉంచుకోండి. పర్చేజ్ ఉద్యోగాల ఇంటర్వ్యూలో "నాలుగు రేట్లను ఎలా పోల్చారు?" అని అడిగితే ఆ రెండు కాగితాలూ బల్ల మీద పెట్టి వివరించండి.