కెరటోకోనస్‌కు క్రాస్‌లింకింగ్: పద్దెనిమిది నిండేదాకా ఆగవచ్చా?

ప్రశ్న: మా అబ్బాయికి 15 ఏళ్లు. రెండు కళ్లలోనూ కెరటోకోనస్ ఉందని, ఎడమ కంటికి త్వరగా క్రాస్‌లింకింగ్ చేయించమని డాక్టరు గారు అన్నారు. అద్దాలు పెట్టుకుంటే వాడికి బాగానే కనిపిస్తోంది. అసలు ఈ చికిత్స ఏం చేస్తుంది? 18 నిండాక చేయిస్తే నష్టమేమిటి?

జవాబు:

నాకు ఈ జబ్బు బయటపడినప్పుడు 16 ఏళ్లు. నాకూ అప్పుడు అద్దాలతో బాగానే కనిపించేది. బడి పరీక్షలు అయ్యాక చూద్దామని మా ఇంట్లో అనుకున్నారు, నేనూ సరేనన్నాను. అలా పది నెలలు గడిచాయి. ఆ పది నెలల్లో నా ఎడమ కంటికి ఏం జరిగిందో పాత రిపోర్టుల్లో అంకెలతో సహా ఉంది కాబట్టి వాటి ఆధారంగానే చెబుతాను.

కార్నియా అంటే కంటి నల్లగుడ్డు మీది పారదర్శకమైన పొర, దాని ఆకారాన్ని పటంలా చూపే స్కాన్ టోపోగ్రఫీ. మొదటి టోపోగ్రఫీలో నా ఎడమ కార్నియా అత్యధిక వంపు 51 డయాప్టర్లు, అత్యంత పలుచని చోట మందం 471 మైక్రాన్లు. మామూలు కార్నియా వంపు 43, 44 డయాప్టర్ల చుట్టూ ఉంటుంది, మధ్యలో మందం 540 మైక్రాన్ల దరిదాపుల్లో ఉంటుంది. అంటే అప్పటికే జబ్బు స్పష్టంగా కనిపిస్తోంది, అయినా అద్దాలతో ఆ కంటి చూపు 6/9 ఉండేది. పది నెలల తరువాత తీసిన స్కాన్‌లో వంపు 56కు పెరిగింది, మందం 436కు తగ్గింది, అద్దాలతో చూపు 6/18కి పడిపోయింది. ఈ మధ్యలో నాకు నొప్పి లేదు, ఎరుపు లేదు, ఒక్క రోజు కూడా ఇబ్బంది అనిపించలేదు. కుడి కన్ను బాగా ఉండడం వల్ల ఎడమ కంటి లోటును అదే కప్పేసింది. మీ అబ్బాయి విషయంలోనూ 'బాగానే కనిపిస్తోంది' అన్న మాటను నమ్మే ముందు ఒక్కో కన్ను మూసి విడివిడిగా చూడమని అడగండి. గోడ మీది అక్షరాల పట్టిక కంటే టోపోగ్రఫీ పటమే ముందుగా నిజం చెబుతుంది.

ఇక చికిత్స ఏం చేస్తుందంటే, కార్నియా బలమంతా దానిలో పొరలు పొరలుగా పరుచుకున్న కొల్లాజెన్ పోగుల్లో ఉంటుంది. కెరటోకోనస్‌లో ఈ పోగుల మధ్య పట్టు సడలి, కంటి లోపలి మామూలు ఒత్తిడికే కార్నియా పలుచబడి ముందుకు శంకువులా పొడుచుకు వస్తుంది. రైబోఫ్లేవిన్, అంటే బి2 విటమిన్ చుక్కలను కార్నియాలో బాగా ఇంకనిచ్చి, దాని మీద దాదాపు 370 నానోమీటర్ల అతినీలలోహిత కాంతిని పడనిస్తే, ఆ కాంతిని పీల్చుకున్న రైబోఫ్లేవిన్ అక్కడి ఆక్సిజన్‌ను చురుకైన రూపాల్లోకి మారుస్తుంది, వాటి వల్ల పోగుల మధ్య కొత్త రసాయన బంధాలు ఏర్పడతాయి. కార్నియా గట్టిపడుతుంది. జర్మనీలోని డ్రెస్డెన్‌లో 1990లలో ఈ పద్ధతి రూపుదిద్దుకుంది. వోలెన్సాక్, స్పోయెర్ల్, సైలర్ అనే వైద్య పరిశోధకులు 2003లో రోగుల మీద తొలి ఫలితాలు ప్రచురించారు.

ఇక్కడే ఒక అపోహ తొలగాలి. క్రాస్‌లింకింగ్ పోయిన చూపును తెచ్చే చికిత్స కాదు. కొందరిలో వంపు ఒకటి రెండు డయాప్టర్లు తగ్గుతుంది, కానీ దాని కోసం ఎవరూ దీన్ని చేయించుకోరు. జబ్బును ఉన్నచోట ఆపడమే దీని పని. కాబట్టి చికిత్స జరిగిన రోజున కార్నియా ఏ ఆకారంలో ఉందో, దాదాపు ఆ ఆకారంతోనే ఆ మనిషి ఇక ముందు బతకాలి. నా ఎడమ కన్ను 51 దగ్గర ఆగి ఉండవలసింది, 56 దగ్గర ఆగింది. ఆ తేడా వల్ల ఈ రోజుకీ ఆ కంటికి అద్దాలు సరిపోక, కార్నియాకు తగలకుండా కంటి తెల్లగుడ్డు మీద ఆనే స్క్లీరల్ లెన్సు పెట్టుకుంటున్నాను.

టీనేజిలో తొందరకు కారణం కూడా కొల్లాజెన్‌లోనే ఉంది. వయసు పెరిగేకొద్దీ కార్నియా పోగుల మధ్య బంధాలు సహజంగానే పెరుగుతాయి. అందుకే చాలామందిలో ఈ జబ్బు ముప్పై, నలభై ఏళ్ల మధ్యలో తనంతట తానే నెమ్మదిస్తుంది. మధుమేహం ఉన్నవారిలో రక్తంలోని చక్కెర వల్ల ఇలాంటి బంధాలు ముందుగానే ఏర్పడతాయి, వాళ్లలో కెరటోకోనస్ తక్కువగా కనిపిస్తుందన్న గమనిక కూడా ఈ చికిత్స ఆలోచనకు తోడ్పడింది. పదమూడు, పదిహేనేళ్ల పిల్లల కార్నియాకు ఆ సహజ రక్షణ ఇంకా రాలేదు. పైగా ఎలర్జీ దురద, కళ్లు నలపడం ఆ వయసులోనే ఎక్కువ. పెద్దవారిలో అయితే వంపు ఏడాదికి ఒక డయాప్టరు పెరిగిందని రుజువైన తరువాతే చికిత్స చేయడం వాడుక. పిల్లల్లో ఆ రుజువు కోసం ఎదురుచూడడమే నష్టం కాబట్టి చాలామంది కార్నియా నిపుణులు వెంటనే చేయమంటారు, లేదా కొన్ని నెలల్లోపే మళ్లీ స్కాన్ తీసి తేల్చేస్తారు.

దీనికి మంచి ఆధారం 2021లో ప్రచురితమైన కెరాలింక్ అనే బ్రిటిష్ అధ్యయనం. 10 నుంచి 16 ఏళ్ల మధ్య వయసుండి, జబ్బు ముదురుతోందని తేలిన 60 మందిని తీసుకుని, సగం మందికి క్రాస్‌లింకింగ్ చేశారు, మిగతావారికి అద్దాలు, లెన్సులతో మామూలు సంరక్షణ ఇచ్చారు. 18 నెలల తరువాత చూస్తే, చికిత్స చేసినవారిలో 7 శాతం మందికి జబ్బు ముదిరింది, చేయనివారిలో 43 శాతం మందికి ముదిరింది. మీరు అనుకుంటున్న మూడేళ్లలో ఇది సగం కాలం మాత్రమే.

ఆగడం వల్ల మరో చిక్కు కూడా వచ్చింది, అది మాకు ఎవరూ ముందుగా చెప్పలేదు. కార్నియా లోపలి అంచున ఎండోథీలియం అనే ఒకే ఒక్క వరుస కణాలుంటాయి. అవి చనిపోతే తిరిగి పుట్టవు. రైబోఫ్లేవిన్ కాంతిని దారిలోనే పీల్చుకుని ఆ కణాలను కాపాడుతుంది, కానీ అందుకు పై పొర తీశాక కనీసం 400 మైక్రాన్ల మందం మిగలాలి. పై పొర దాదాపు 50 మైక్రాన్లు ఉంటుంది. మొదటి స్కాన్ నాటికి నాకు పై పొర పోగా 421 మిగిలేది, పది నెలల తరువాత మిగిలింది 386. అందువల్ల నీటిని పీల్చుకుని కార్నియా ఉబ్బేలా చేసే పలుచని రకం రైబోఫ్లేవిన్ చుక్కలు వేసి, మందం 400 దాటిందని మధ్యమధ్యలో కొలిచి, ఆ తరువాతే కాంతి పెట్టారు. ఇంకా ఆలస్యమై ఉంటే ఆ వీలూ ఉండేది కాదేమో. మరీ పలుచబడిన కార్నియాకు చివరికి మార్పిడి తప్పకపోవచ్చు, టీనేజిలో మార్పిడి జరిగితే ఆ కార్నియా ఎన్నో దశాబ్దాలు పనిచేయాల్సి వస్తుంది.

ఆ రోజు జరిగేది ఇంతే: మత్తు చుక్కలు వేసి, మధ్యలో ఎనిమిది, తొమ్మిది మిల్లీమీటర్ల మేర పై పొరను సున్నితంగా తీస్తారు. అర గంట చుక్కలు వేస్తారు. తరువాత కాంతి కింద పడుకోవాలి, పాత పద్ధతిలో 30 నిమిషాలు, కాంతి తీవ్రత పెంచిన పద్ధతిలో పది నిమిషాల లోపు కూడా ముగిసిపోతుంది. చివర కట్టులా పనిచేసే మెత్తటి లెన్సు పెట్టి పంపిస్తారు. పై పొరను తీయకుండా చేసే పద్ధతి కూడా ఉంది, నొప్పి తక్కువ. కానీ రైబోఫ్లేవిన్, ఆక్సిజన్ లోపలికి చేరడం కష్టం కావడంతో ఫలితం బలహీనంగా ఉండవచ్చు. జబ్బు వేగంగా ముదిరే పిల్లల్లో నేనైతే పై పొర తీసే పద్ధతినే అడుగుతాను.

మొదటి రెండు రోజులు నొప్పి బాగానే ఉంటుంది, మీ అబ్బాయికి ఆ మాట దాచకుండా చెప్పండి. ఇసుక పడినట్టు మంట, ఆగని నీళ్లు, వెలుతురు చూడలేకపోవడం ఉంటాయి. పై పొర నాలుగైదు రోజుల్లో మూసుకుంటుంది, అప్పుడు లెన్సు తీసేస్తారు. నొప్పి రోజురోజుకూ తగ్గాలి. తగ్గినట్టే తగ్గి మూడో రోజున మళ్లీ పెరిగినా, కన్ను మరింత ఎర్రబడినా, నల్లగుడ్డు మీద తెల్ల మచ్చ కనిపించినా, అదే రోజున ఆసుపత్రికి వెళ్లాలి, ఎందుకంటే పై పొర లేని ఆ నాలుగు రోజుల్లో ఇన్‌ఫెక్షన్ సోకే ప్రమాదం అరుదే అయినా నిజమే. తరువాతి ఒకటి రెండు నెలల్లో చూపు ముందుకంటే మసకగా అనిపిస్తుంది, స్కాన్‌లో వంపు కొంచెం పెరిగినట్టు కూడా కనిపించవచ్చు. నాకు నెల స్కాన్‌లో 56.7 వచ్చింది, ఇంట్లో అందరం కంగారు పడ్డాం, ఏడాది తిరిగేసరికి 55.4కు దిగింది. చికిత్స పట్టిందా లేదా అన్నది ఏడాది స్కాన్ దగ్గర చెప్పాలి, నెల స్కాన్ దగ్గర కాదు. కాంటాక్టు లెన్సులు వాడుతున్నట్లయితే, స్కాన్‌కు ముందు ఎన్ని రోజులు మానాలో అడిగి అన్ని రోజులూ మానాలి, లేకపోతే అంకెలు తప్పుగా వస్తాయి.

నా సంగతి తెలిశాక డాక్టరు గారు మా చెల్లికి కూడా స్కాన్ తీయించమన్నారు, ఎందుకంటే తోబుట్టువులకు ఈ జబ్బు వచ్చే అవకాశం ఎక్కువ. దానికి అప్పుడు 13 ఏళ్లు, అద్దాలు లేకుండానే అన్నీ కనిపించేవి, కళ్లు మాత్రం ఎప్పుడూ నలుపుకునేది. కుడి కన్నులో కింది భాగం 47 డయాప్టర్లు చూపించింది. మూడు నెలలకు 48.2 అయింది. ఆ నెలలోనే చికిత్స చేయించాం. కాకపోతే దానికి ముందు ఎలర్జీకి చుక్కలు వేసి దురదను అదుపులోకి తెచ్చారు, ఎందుకంటే నలిపే అలవాటు కొనసాగితే పిల్లల్లో చికిత్స తరువాత కూడా కొన్నేళ్లకు జబ్బు మళ్లీ కదలవచ్చు. ఇప్పటికి ఐదేళ్లు, ఏటా స్కాన్ తీయిస్తున్నాం. ఈ ఏడాది 47.6 వచ్చింది, చిన్న పవరు అద్దాలతో చూపు 6/6.

మీ డాక్టరు గారి దగ్గర మూడు అంకెలు రాయించుకోండి: ఒక్కో కంటి అత్యధిక వంపు, అత్యంత పలుచని చోట మందం, పై పొర పోగా మిగిలే మందం. కుడి కంటికి ఇప్పుడే చేయకపోతే దాని తరువాతి స్కాన్ ఎప్పుడో తేదీతో సహా అడగండి. మూడు నెలలకు మించి చెబితే, పదిహేనేళ్ల వయసులో అంత గడువు ఎందుకని అడగడానికి మొహమాటపడకండి.