అలారం డాలస్ టైమ్‌కి మోగినా, ఇన్సులిన్ మన టైమ్‌కే

ప్రశ్న: మా అమ్మకు 64 ఏళ్లు. జూన్‌లో హైదరాబాద్ నుంచి దుబాయ్ మీదుగా డాలస్‌లో ఉన్న మా అక్క దగ్గరికి ఒక్కతే వెళ్తోంది, ఐదు నెలలు ఉంటుంది. ఉదయం 6కి థైరాయిడ్ మాత్ర, 8కి టిఫిన్‌తో గ్లిమెపిరైడ్ 1 ఎంజీ, మెట్‌ఫార్మిన్ 500, బీపీకి టెల్మిసార్టాన్ 40 వేసుకుంటుంది. రాత్రి 8.30కి భోజనంతో మళ్లీ మెట్‌ఫార్మిన్, 9కి గ్లార్జిన్ ఇన్సులిన్ 14 యూనిట్లు. అన్నిటికీ ఆమె ఫోన్‌లో అలారాలు పెట్టాను. అక్కడ దిగాక అవి ఏ టైమ్‌కి మోగుతాయి? వేటిని మార్చాలి?
– ఒక పాఠకురాలు, గుంటూరు

జవాబు: ఒక్క ఇన్సులిన్ అలారం మార్చండి, మిగతావి కదపొద్దు. మాత్రలన్నీ అక్కడి ఉదయానికి, అక్కడి భోజనానికి వేసుకుంటే సరిపోతుంది. ఇన్సులిన్ మాత్రం మన రాత్రి 9 గంటలకే, అంటే డాలస్‌లో ఉదయం 10.30కి వేసుకోవాలి.

కారణం ఇదీ. జూన్‌లో డాలస్ మనకన్నా పదిన్నర గంటలు వెనక ఉంటుంది. గ్లార్జిన్ సుమారు 24 గంటలు పనిచేసే ఇన్సులిన్. అది పొద్దున వేసుకున్నా రాత్రి వేసుకున్నా దానికి తేడా లేదు, రోజూ ఒకే వేళకు పడితే చాలు. తిండితోనూ ముడి లేదు. మన రాత్రి 9, వాళ్ల ఉదయం 10.30 ఒకే క్షణం కాబట్టి అమ్మగారి ఒంటికి ఏ మార్పూ తెలియదు. ఎవరూ డోసు సగం చేయక్కర్లేదు, రోజుకు గంట చొప్పున జరపక్కర్లేదు. ఉదయం పదిన్నర ఇంట్లో అందరూ మెలకువగా ఉండే వేళ కూడా.

ఇక ఫోన్ సంగతి. ఫోన్‌లో మూడు రకాల గుర్తుచేసేవి ఉంటాయి, మూడూ మూడు తీరుల్లో నడుస్తాయి. గడియారం యాప్‌లో పెట్టిన అలారం ఫోన్ తెరమీద కనిపించే టైమ్‌నే చూస్తుంది. రాత్రి 9కి పెడితే ఫోన్ ఏ ఊరి టైమ్ చూపిస్తుంటే ఆ ఊరి రాత్రి 9కి మోగుతుంది. కేలండర్‌లో పెట్టిన రిమైండర్ అలా కాదు, అది పెట్టిన చోటి క్షణానికి కట్టుబడి ఉంటుంది. ఇక్కడ రాత్రి 9కి పెట్టినది డాలస్‌లో ఉదయం 10.30కి వస్తుంది. టైమర్‌కు ఊరితో పనే లేదు, ఇన్ని గంటలు అంటే అన్ని గంటలు లెక్కపెట్టి మోగుతుంది. అంటే థైరాయిడ్, టిఫిన్, భోజనం మందులకు మీరు పెట్టిన అలారాలే సరైనవి, అవి వాటంతట అవే డాలస్ ఉదయానికి, రాత్రికి మారిపోతాయి. తంటా అంతా రాత్రి 9 అలారంతోనే.

ఆ తంటా ఎలా వస్తుందో ఒక ప్రయాణం లెక్కతో చూడండి. విమానం శుక్రవారం తెల్లవారుజామున 4కి శంషాబాద్‌లో బయల్దేరిందనుకుందాం. దుబాయ్ చేరేసరికి మన టైమ్ 8.10, అక్కడ 6.40. అక్కడి నుంచి 9.40కి బయల్దేరే విమానం డాలస్‌కు దాదాపు 16 గంటలు ఎగురుతుంది. దిగేసరికి మనకు శనివారం తెల్లవారుజాము 3.10, డాలస్‌లో ఇంకా శుక్రవారం సాయంత్రం 4.40. మన రాత్రి 9 గంటలు ఆమె గాల్లో ఉండగానే వచ్చి పోతాయి. ఆమె అప్పుడు సీట్లోనే ఇంజెక్షన్ వేసుకుంటుంది, అది సరైనదే. కానీ డాలస్‌లో దిగి ఇంటికి చేరి, భోజనం చేశాక రాత్రి 9కి ఫోన్ మళ్లీ మోగుతుంది. అలవాటు ప్రకారం చేయి పెన్ను మీదకు వెళ్తుంది. ముందు డోసు పడి అప్పటికి పదిన్నర గంటలే. ఆ 14 యూనిట్లు ఇంకా పనిచేస్తుండగానే మరో 14 తోడవుతాయి. ఆ తర్వాత వచ్చేది నిద్ర, అదీ ప్రయాణ బడలికతో గాఢ నిద్ర. షుగర్ పడిపోయినా చెమట, వణుకు తెలిసే స్థితిలో ఆమె ఉండరు.

అందుకే విమానం ఎక్కక ముందే రాత్రి 9 అలారాన్ని ఆపేయండి, తీసేస్తే ఇంకా మంచిది. దాని బదులు ఉదయం 10.30కి కొత్త అలారం పెట్టి, పేరు చోట తెలుగులోనే ‘ఇన్సులిన్ – డాలస్ ఉదయం 10.30, మన రాత్రి 9’ అని రాయండి. మోగినప్పుడు తెరమీద అదే కనబడుతుంది. అయితే ఈ అలారం కూడా శుక్రవారం దుబాయ్ టైమ్‌కి 10.30కి, అంటే రెండో విమానం ఎక్కిన కాసేపటికే మోగుతుంది. కాబట్టి ఇప్పుడు పెట్టి ఆఫ్‌లో ఉంచండి, డాలస్‌లో దిగాక మీ అక్క ఆన్ చేయాలి.

విమానంలో వేసుకునే ఆ ఒక్క డోసుకు టైమర్ వాడండి. దుబాయ్ గేటు దగ్గర అక్కడి టైమ్ 9 అయినప్పుడు మనకు 10.30. అప్పుడు పదిన్నర గంటల టైమర్ పెడితే సరిగ్గా మన రాత్రి 9కి మోగుతుంది. ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో ఉన్నా మోగుతుంది, చార్జింగ్ ఉంటే చాలు. అమ్మగారికి టైమర్ పెట్టడం రాకపోతే ఇంకా తేలికైన మార్గం ఉంది. ఇంట్లో ఉన్న మామూలు చేతి గడియారం ఒకటి పెట్టుకోమనండి, డాలస్ చేరేదాకా దాన్ని తిప్పొద్దనండి. అందులో రాత్రి 9 అయితే ఇన్సులిన్. గంటో గంటన్నరో ఆలస్యమైనా నష్టం లేదు, తోసుకుని లేచి నిలబడక్కర్లేదు. పెన్ను, సూదులు, గ్లూకోమీటర్, ప్రిస్క్రిప్షన్ చేతి బ్యాగులోనే ఉండాలి. కింద వేసే సూట్‌కేసులో పెడితే ఆ వేళకు చేతికి అందవు, పైగా ఇన్సులిన్ గడ్డకట్టే ప్రమాదం ఉంది.

ప్రయాణం రోజు మాత్రల్లో జాగ్రత్తపడాల్సింది గ్లిమెపిరైడ్ ఒక్కటే. అది షుగర్‌ను కిందకి లాగే మందు. విమానంలో టిఫిన్ లాంటి పళ్లెం రెండుసార్లు రావచ్చు, వచ్చినప్పుడల్లా వేసుకోకూడదు. శుక్రవారం తొలిసారి కడుపునిండా తిన్నప్పుడు ఒకసారి, ఆ తర్వాత శనివారం డాలస్ టిఫిన్‌తోనే. తినలేకపోతే వేసుకోవద్దు. టెల్మిసార్టాన్ కూడా అంతే, శుక్రవారం ఒకటి, శనివారం డాలస్ ఉదయం ఇంకొకటి. మధ్యలో ముప్పై గంటలు దాటినా అదనంగా వేసుకోవద్దు. సాయంత్రం మెట్‌ఫార్మిన్‌ను విమానంలో వదిలేసి డాలస్‌లో రాత్రి భోజనంతో వేసుకోమనండి. థైరాయిడ్ మాత్ర ప్రభావం ఒంట్లో వారం రోజుల లెక్కన తగ్గుతుంది కాబట్టి ఆ ఒక్క పూట ఆలస్యమైనా, తప్పినా పట్టించుకోకండి. మర్నాడు నుంచి డాలస్ ఉదయం పరగడుపున.

ఫోన్ టైమ్ మారకపోవడం ఇంకో సమస్య. రోమింగ్ లేని మన సిమ్‌తో, అక్క ఇంటి వైఫై మీదే నడిచే ఫోన్ చాలాసార్లు మన టైమ్‌లోనే ఉండిపోతుంది. గోడ గడియారం సాయంత్రం 5 అంటుంటే ఫోన్ తెల్లవారుజాము 3.30 అంటుంది. అప్పుడు థైరాయిడ్ అలారం రాత్రి 7.30కి మోగుతుంది. దిగగానే అక్క చూడాల్సింది ఇదే. మారకపోతే సెట్టింగ్స్‌లో Date & time తెరిచి, `Automatic time zone` ఆపి, టైమ్ జోన్‌గా Chicago ఎంచుకోవాలి, డాలస్‌ది కూడా అదే జోన్. ఐఫోన్‌లో ఇది General లోపల ఉంటుంది, `Set Automatically` ఆపితే ఊరి పేరు అడుగుతుంది. చాలామంది జోన్ వదిలేసి అంకెలు మాత్రం మారుస్తారు. అలా చేయకండి. తెరమీద టైమ్ సరిగానే కనిపిస్తుంది కానీ లోపల ఫోన్ ఇంకా ఇండియాలోనే ఉన్నాననుకుంటుంది. కేలండర్ రిమైండర్లు తప్పు వేళకు వస్తాయి, ఫోన్‌లో తేదీ తప్పుగా ఉందని వాట్సాప్ మొరాయిస్తుంది. ఆ గుర్తు కనిపిస్తే జరిగింది ఇదే.

ఇదంతా గుంటూరులో ఇంట్లోనే ఒకసారి సరిచూసుకోవచ్చు. జోన్‌ను Chicago చేసి, అలారాల జాబితా, కేలండర్ రెండూ తెరిచి, తర్వాత మోగేది ఏదో, ఎన్ని గంటల తర్వాతో చూడండి. మందుల కోసం వేరే యాప్ వాడుతుంటే అది అలారంలా నడుస్తుందో, కేలండర్‌లానో ఈ పరీక్షలోనే తేలిపోతుంది. తర్వాత మళ్లీ ఆటోమేటిక్‌కు తిప్పడం మరవకండి.

ఒకవేళ పొరపాటున ఇన్సులిన్ రెండుసార్లు పడితే ఆ రాత్రి ఆమెను ఒంటరిగా పడుకోనివ్వకూడదు. వెంటనే డాక్టర్‌కు ఫోన్ చేయాలి. ఏదో ఒకటి తినిపించి, రెండు మూడు గంటలకోసారి షుగర్ చూడాలి, అర్ధరాత్రి కూడా లేపి చూడాలి. 70 కన్నా తగ్గితే మూడు చెంచాల పంచదార నీళ్లలో కలిపి తాగించి, 15 నిమిషాలకు మళ్లీ చూడాలి. పిలిస్తే సరిగా పలకని మనిషికి నోట్లో ఏమీ పోయకుండా 911కి ఫోన్ చేయాలి. మర్నాటి డోసు ఎప్పుడు, ఎంత అన్నది డాక్టర్ చెప్పాకే.

పైన చెప్పింది రోజుకొకసారి వేసే గ్లార్జిన్‌కే. రోజుకు రెండుసార్లు వేసే మిక్స్‌డ్ ఇన్సులిన్‌కు ఈ లెక్క పనికిరాదు, అది భోజనంతో నడిచేది. 12 గంటల ఎడం పాటించాల్సిన రక్తం పలచబడే మందులకూ, మూర్ఛ మందులకూ అంతే. వాటికి టికెట్ టైమింగ్స్ చూపించి డాక్టర్‌తో విడిగా రాయించుకోవాలి. అమ్మగారి షుగర్ ఈమధ్య బాగా ఎగుడుదిగుడుగా ఉంటే మీరూ ఈ ప్లాన్‌ను ఆమెను చూసే డాక్టర్‌కు ఒకసారి చూపించండి.

నవంబర్ మొదటి ఆదివారం తెల్లవారుజామున అమెరికాలో గడియారాలు గంట వెనక్కి వెళ్తాయి, తేడా పదకొండున్నర గంటలవుతుంది. ఫోన్ అలారం ఉదయం 10.30కే మోగుతుంది, అది మనకు రాత్రి 10. ఆ గంట తేడా గ్లార్జిన్‌కు లెక్కలోకి రాదు, అలాగే ఉంచండి. కానీ రోజూ రాత్రి 9కి మీరు ఇక్కడి నుంచి ఫోన్ చేసి గుర్తుచేస్తుంటే ఆ ఫోన్ అక్కడ 9.30కే వెళ్తుంది. మీ ఫోనుకు ఒకసారి, అలారానికి ఒకసారి వేసుకోకుండా ముందే ఏదో ఒకటే అనుకోండి. తిరిగొచ్చేటప్పుడు కూడా ఉదయం డోసు వేసుకుని బయల్దేరితే మర్నాడు మన రాత్రి 9–10 గంటలకు తర్వాతది. శంషాబాద్‌లో దిగాక 10.30 అలారం తీసేసి పాత 9 అలారం పెట్టండి.

గ్లూకోమీటర్ గడియారం ఫోన్‌లా తనంతట తాను మారదు. మార్చకపోతే డాలస్‌లో పరగడుపున చూసిన షుగర్ అందులో సాయంత్రం రీడింగ్‌గా నమోదవుతుంది. చేరిన రోజే మీటర్ టైమ్ కూడా సరిచేయమని అక్కకు చెప్పండి.