మా నాన్నగారి వాచీలో గుండె లయ సరిగ్గా లేదని అలర్ట్ వచ్చింది, ఓ రాత్రి ఆక్సిజన్ 88 చూపించింది. ఈసీజీ మాత్రం నార్మల్. పట్టించుకోవాలా?

పట్టించుకోవాలండి. ఆస్పత్రి ఈసీజీ సుమారు 10 సెకన్ల పాటు గుండె ఎలా కొట్టుకుందో చూపిస్తుంది, అంతే. వచ్చిపోయే లయ దోషం సరిగ్గా ఆ 10 సెకన్లలోనే దొరకాలని ఏముంది?

మా పెద్ద మామయ్య వయసు 68. విశాఖ పోర్టులో చేసి రిటైరయ్యారు. పొద్దున్నే ఆర్కే బీచ్‌లో నడక, బీపీకి మాత్ర, ఇంకే జబ్బూ లేదు. ఒక రాత్రి టీవీ చూస్తుంటే ఇదే అలర్ట్. నొప్పి, ఆయాసం ఏమీ లేవు. మణికట్టు పట్టుకుని నాడి చూశాను. రెండు దెబ్బలు దగ్గరగా, ఒకటి ఆలస్యంగా, వెంటనే మూడు గబగబా. ఒక వరస అంటూ లేదు. అప్పటికప్పుడే వాచీలో 30 సెకన్ల ఈసీజీ తీయించి పీడీఎఫ్ దాచాను.

తెల్లారి ఆస్పత్రిలో ఈసీజీ నార్మల్. డ్యూటీ డాక్టరు పీడీఎఫ్ చూడనైనా చూడకుండా, వాచీ తీసి పక్కన పెట్టమన్నారు. నాకు ఇప్పటికీ కోపమే. గుండె డాక్టరు దగ్గరికి తీసుకెళ్తే ఆవిడ ముందు చూసింది ఆ పీడీఎఫ్‌నే. పొడవాటి గీతల మధ్య దూరం ఒకేలా లేదు, ఒక్కో గీత ముందు ఉండాల్సిన చిన్న అల కనబడలేదు. గుండె లయను ఆపకుండా రికార్డు చేసే హోల్టర్ అనే చిన్న యంత్రాన్ని ఒంటికి కట్టి పంపారు. అర్ధరాత్రి దాటాక మళ్లీ అదే లయ అందులో దొరికింది. ఏట్రియల్ ఫిబ్రిలేషన్.

ఇందులో గుండె పై గదులు సరిగ్గా ముడుచుకోకుండా వణుకుతాయి. అక్కడ రక్తం నిలిచి గడ్డ కడితే, అది మెదడుకు చేరి పక్షవాతం రావచ్చు. మామయ్యకు వయసూ బీపీ రెండూ ఉన్నాయి కాబట్టి రక్తం పలుచన చేసే మందు మొదలుపెట్టారు. ఆస్ప్రిన్ వేసుకుంటే చాలని సలహా ఇచ్చే చుట్టాలు ప్రతి ఇంట్లోనూ ఉంటారు. ఈ గడ్డల్ని ఆపడానికి అది చాలదు, రక్తస్రావం భయం మాత్రం ఉంటుంది. అలాగని అలర్ట్ వచ్చిన ప్రతివాళ్లకీ ఇదే జబ్బని కాదు. మధ్యలో అదనపు దెబ్బలు పడ్డా వాచీ పొరబడుతుంది. అది తేల్చడానికే హోల్టర్ అడగండి.

ఆక్సిజన్ సంగతి వేరు. చెయ్యి ఒంటి కింద పడినా, పట్టీ వదులైనా, చెయ్యి చల్లబడినా వాచీ తక్కువ చూపిస్తుంది. కూర్చోబెట్టి, చెయ్యి వెచ్చగా అయ్యాక వేలికి పెట్టే ఆక్సీమీటరుతో చూడండి. 95 పైన ఉంటే కంగారు లేదు. ఆక్సీమీటరులోనూ 90 కన్నా తక్కువే ఉంటే ఆలస్యం చేయకుండా ఆస్పత్రికి వెళ్లండి. ఆక్సిజన్ నిద్రలోనే మాటిమాటికీ పడిపోతూ, గురక కూడా ఉంటే స్లీప్ ఆప్నియా, అంటే నిద్రలో ఊపిరి ఆగి ఆగి రావడం, ఉందేమో పరీక్ష అడగండి.

ఛాతీ నొప్పి, ఆయాసం, స్పృహ తప్పడం, మూతి వంకర, మాట తడబాటు, వీటిలో ఏది కనబడినా వాచీ వంక చూడకుండా 108కి ఫోన్ చేయండి. గుండెపోటును ఈ వాచీలు పట్టుకోలేవు.