ఎవరూ ముట్టుకోని బయాస్

"అవుట్‌డోర్ సీన్‌లో ఎండ నీడలు చేస్తున్నాను. బయాస్ తగ్గిస్తే నేలంతా చారలు చారలుగా యాక్నీ, పెంచితే మనుషులు గాల్లో తేలుతున్నారు. నాలుగు కాస్కేడ్‌లు పెట్టినా అంతే. అసలు సరైన బయాస్ ఎంత?"

బయాస్ అంటే నీడ లెక్కలో డెప్త్‌లు పోల్చేటప్పుడు వదిలే చిన్న సందు. ఆ అంకె ఎవరు చెప్పినా నమ్మకండి. నేను 0.002ని నమ్మి వారం రోజులు పోగొట్టుకున్నాను.

అప్పుడు బెంగళూరులో, బెల్లందూరు దగ్గర ఒక చిన్న స్టూడియోలో ఉండేవాణ్ని. బస్టాపు సీను. పదిమంది నిలబడి ఉంటారు, వెనక అపార్ట్‌మెంట్లు. నెల రోజులుగా నీడలు బాగానే ఉన్నాయి. ఒక సోమవారం పొద్దున చూస్తే ఒక్కరి నీడా కాళ్లకి అంటుకుని లేదు, పాదాలకి 70 సెంటీమీటర్ల అవతల మొదలవుతోంది. మా ఆర్టిస్టు నెల్లూరు కుర్రాడు. "అన్నా, వీళ్లు దమయంతి స్వయంవరానికి వచ్చిన దేవతల్లా ఉన్నారు, కాళ్లు నేలకి ఆనట్లేదు" అన్నాడు.

తమాషా ఏంటంటే బయాస్‌ని ఎవరూ ముట్టుకోలేదు. కమిట్లన్నీ తిరగేశాను, అదే 0.002. చెయ్యి పెట్టింది నేనే, కానీ వేరే చోట. అంతకుముందు శుక్రవారం సాయంత్రం, ఎత్తైన టవర్ నీడ సగంలో తెగిపోతోందని లైట్ కెమెరా నియర్ ప్లేన్‌ని బాగా వెనక్కి లాగి ఇంటికెళ్లిపోయాను. లైట్ డెప్త్ రేంజ్ 100 మీటర్ల నుంచి 500 మీటర్లకి పోయింది. లైటు నుంచి చూసిన దూరాలు రాసుకునే షాడో మ్యాప్‌లో డెప్త్ 0 నుంచి 1 వరకే కాబట్టి, 0.002 అంటే మొన్నటిదాకా 20 సెంటీమీటర్లు, ఇప్పుడు ఏకంగా ఒక మీటరు. ఎండ 45 డిగ్రీల్లో పడుతుంటే, సూర్యకిరణం వెంట ఒక మీటరు బయాస్ వల్ల నేల నుంచి 70 సెంటీమీటర్ల ఎత్తు వరకు ఉన్న కాళ్ల నీడ మాయం. తొడ దగ్గర నుంచే నీడ మొదలవుతుంది. మీ మనుషులు గాల్లో తేలే పీటర్ పానింగ్ కూడా ఇదేనని నా నమ్మకం.

టవర్ కోసం రేంజ్ పెంచనే అక్కర్లేదు. షాడో పాస్‌లో డెప్త్ క్లాంప్ ఆన్ చేస్తే, నియర్ ప్లేన్‌కి ఇవతల ఉన్న టవర్ ఆ ప్లేన్ మీదకే నొక్కుకుపోతుంది, నీడ మాత్రం పడుతుంది. ఓపెన్‌జీఎల్‌లో ఒక్క లైను: `glEnable(GL_DEPTH_CLAMP)`.

ట్యుటోరియల్స్ మీద నాకు కోపం ఇందుకే. ఏడెనిమిది యూనిట్ల గదిలో ఒక పెట్టె, దాని మీద ఒక లైటు పెట్టి, 0.005 అని రాసి వదిలేస్తారు. యూనిట్ అంటే మీటరు అనుకుంటే అక్కడ అది మూడు నాలుగు సెంటీమీటర్లు. అదే నా 500 మీటర్లకి రెండున్నర మీటర్లు. మనిషి నీడ మొత్తం గల్లంతు!

ఇక చారలు. వాటిని లెక్కకట్టాల్సింది టెక్సెల్ సైజుతో, అంటే షాడో మ్యాప్‌లో ఒక గడి సైజుతో. కాస్కేడ్ అంటే కెమెరా నుంచి దూరాన్ని బట్టి విడగొట్టిన ఒక్కో షాడో మ్యాప్. మొదటి కాస్కేడ్ 20 మీటర్ల వెడల్పు, 2048 మ్యాప్ అనుకోండి, ఒక టెక్సెల్ దాదాపు 1 సెంటీమీటరు. చివరి కాస్కేడ్ 400 మీటర్లయితే దాదాపు 20 సెంటీమీటర్లు. ఆ 20 సెంటీమీటర్ల గడికంతా ఒకటే డెప్త్ రాసి ఉంటుంది. నేల మాత్రం లైటుకి ఏటవాలుగా ఉంది కాబట్టి, గడిలో సగం ఆ డెప్త్ కంటే దూరంగా పడి తన నీడలో తానే ఉన్నట్టు లెక్కకొస్తుంది. అవే చారలు. సాయంత్రం ఎండ 10 డిగ్రీలకి దిగితే ఈ తేడా 45 డిగ్రీలప్పటి కంటే ఐదారు రెట్లు. మధ్యాహ్నం ట్యూన్ చేసి రిలీజ్ చేసినవాళ్లకి సాయంత్రం సీన్‌లో టెన్షన్ తప్పదు.

అందుకే నాలుగు కాస్కేడ్‌లకి ఒకే బయాస్ పెట్టకూడదు. అసలు పని, పోల్చే బిందువుని ఉపరితలం నుంచి నార్మల్ దిశలో కాస్త పైకి జరిపే నార్మల్ ఆఫ్‌సెట్‌కి ఇచ్చి, డెప్త్ బయాస్ పేరుకి ఉంచాను:

```glsl
float texel = cascadeWidth[i] / 2048.0;
float nl = clamp(dot(N, L), 0.0, 1.0);
vec3 p = worldPos + N * texel * 1.5 * sqrt(1.0 - nl * nl);
float bias = 0.5 * texel / depthRange[i];
```

ఈ `p`నే లైట్ స్పేస్‌లోకి మార్చి పోల్చాలి. 1.5 అనేది నీడ అంచుల్ని మెత్తబరిచే మా 3x3 పీసీఎఫ్ ఫిల్టర్‌కి సరిపోయింది, ఫిల్టర్ పెద్దదైతే పెంచండి. మొదటి కాస్కేడ్‌లో జరిగేది మహా అయితే ఒకటిన్నర సెంటీమీటరు, చెప్పుల మందం. చివరి దాంట్లో 30 సెంటీమీటర్ల దాకా జరుగుతుంది, కానీ అంత దూరంలో ఎవడు చూడొచ్చాడు?

షాడో పాస్‌లో లైటు వైపు తిరిగిన ముఖాల్ని గీయకుండా వదిలేసే ఫ్రంట్ ఫేస్ కల్లింగ్ పెట్టమని కొందరంటారు. మా బస్టాపు పైకప్పు ఒంటి పొర రేకు. అది పెట్టగానే రేకు నీడే పోయింది, నడినెత్తిన ఎండ. వెంటనే తీసేశాను.

ముందు కాస్కేడ్‌లకి తలా ఒక రంగు వేసి, సూర్యుణ్ని 10 డిగ్రీలకి దించి చూడండి. చారలు ఒక్క రంగులోనే ఉంటే ఆ కాస్కేడ్ వెడల్పో రేంజో షేడర్‌కి తప్పు వెళ్తోంది. మా దాంట్లో మూడోదానికి రెండోదాని వెడల్పు వెళ్తుండేది. అది కూడా నేను రాసిందే.