తిత్తి ఉంది, బిడ్డ లేదు అన్నాక: బ్రిటన్‌కు కొత్తగా వచ్చినవాళ్లకు

మూడేళ్ల క్రితం మార్చికి ముందు, ఒక అమ్మాయి ఆసుపత్రి కార్ పార్కింగ్ నుంచి నాకు ఫోన్ చేసింది. డిపెండెంట్ వీసా మీద వచ్చి అప్పటికి ఏడు నెలలు. "అక్కా, తిత్తి ఉందంట, లోపల బేబీ కనపడలేదంట. వారం ఆగి మళ్లీ రమ్మన్నారు. మందు కూడా ఏం ఇవ్వలేదు. వీళ్లను నమ్మొచ్చా, టికెట్ కొనుక్కుని హైదరాబాద్ వెళ్లిపోనా?" అని ఏడుస్తోంది. ఆ మాటలు నాకు కొత్త కాదు. పదిహేనేళ్ల క్రితం నాకూ అదే గదిలో అదే మాట చెప్పారు. నాది బ్లైటెడ్ ఓవమ్. ఆమెది మాత్రం మొదట అలాగే కనిపించి, చివరికి మోలార్ ప్రెగ్నెన్సీ అని తేలింది. మన పెద్దవాళ్లు ముత్యాల గర్భం అనేది దీన్నే. స్కాన్‌లో ఒకేలా కనిపించిన ఈ రెండింటికీ తర్వాత చేయాల్సినవి పూర్తిగా వేరు. ఆ తేడా తెలియక ఇబ్బంది పడేవాళ్లను చూస్తున్నాను కాబట్టి వివరంగా రాస్తున్నాను.

ముందు ఆ వారం సంగతి. మన ఊళ్లో అయితే ఒక్క స్కాన్ చూసి అదేరోజు డి అండ్ సి చేసేస్తారని విని ఉంటాం. ఇక్కడ ఎర్లీ ప్రెగ్నెన్సీ యూనిట్‌లో అలా చేయరు. లోపలి నుంచి చేసే స్కాన్‌లో తిత్తి సగటు కొలత 25 మిల్లీమీటర్ల లోపు ఉండి పిండం కనపడకపోతే, తేదీల లెక్క తప్పి గర్భం ఇంకా చిన్నదే అయి ఉండొచ్చు. అందుకే కనీసం ఏడు రోజులు ఆగి మళ్లీ చూస్తారు. 25 దాటినా ఖాళీగానే ఉంటే రెండో నిపుణురాలితో చూపించుకుంటారు, లేదా మళ్లీ వారం ఆగుతారు. ఆ అమ్మాయికి మొదటిసారి 19 వచ్చింది, వారం తర్వాత 27. రెండుసార్లూ ఖాళీ. ఆ వారం నరకంలా ఉంటుందని నాకు తెలుసు. కానీ బతికున్న గర్భాన్ని పొరపాటున తీసేయకూడదనే ఈ ఆలస్యం. నిర్లక్ష్యం కాదు.

బ్లైటెడ్ ఓవమ్ అంటే అండం ఫలదీకరణ చెంది గర్భసంచికి అతుక్కుంది, తిత్తి తయారైంది, కానీ పిండం ఏర్పడలేదు, లేదా మొదట్లోనే ఆగిపోయింది. చాలావరకు క్రోమోజోముల్లో పొరపాటు వల్లే జరుగుతుంది. ముత్యాల గర్భంలో పొరపాటు ఫలదీకరణ దగ్గరే మొదలవుతుంది. కంప్లీట్ మోల్ అయితే తల్లి వైపు జన్యువులు లేని అండంలో తండ్రి క్రోమోజోములే రెండింతలై కూర్చుంటాయి. పార్షియల్ మోల్ అయితే ఒకే అండంలోకి రెండు వీర్యకణాలు చేరి 46 బదులు 69 క్రోమోజోములు అవుతాయి. రెండింటిలోనూ మాయగా మారాల్సిన కణజాలం అదుపు లేకుండా పెరిగి నీటి బుడగల్లా ఉబ్బుతుంది. ఆ అమ్మాయి వాళ్లమ్మ ఫోన్‌లో మొదట అడిగింది బొప్పాయి తిన్నావా అని, తర్వాత సూట్‌కేసు ఎత్తావా అని. తిన్నా ఎత్తినా ఇవి రావు. ఫలదీకరణ జరిగిన ఆ క్షణంలోనే జరిగిపోయిన విషయం ఇది. మీ ఇంట్లోవాళ్లకు ఈ ఒక్క మాట గట్టిగా చెప్పండి.

పాత పుస్తకాల్లో ముత్యాల గర్భమంటే విపరీతమైన వేవిళ్లు, నెలకు మించి పెరిగిన కడుపు, స్కాన్‌లో ద్రాక్షగుత్తి అని ఉంటుంది. ఇప్పుడు ఎనిమిది, తొమ్మిది వారాలకే స్కాన్ చేస్తున్నారు కాబట్టి ఆ బుడగలు అంత పెరిగి ఉండవు. ఖాళీ తిత్తిలాగానో, ఎదుగుదల ఆగిన గర్భంలాగానో కనిపిస్తుంది. చాలామందిలో బయటికి వచ్చిన కణజాలాన్ని ల్యాబ్‌లో పరీక్షించాకే అసలు సంగతి తెలుస్తుంది. మన ఆసియా మూలాలవాళ్లలో ఇది ఎక్కువ కూడా. బ్రిటన్ లెక్కల ప్రకారం ఇక్కడి ఆసియా మహిళల్లో దాదాపు 390 ప్రసవాలకు ఒకటి, మిగతావాళ్లలో 750కి ఒకటి.

అందుకే ఎలా తీయించుకోవాలి అని డాక్టర్ అడిగినప్పుడు ఆలోచించి చెప్పండి. మూడు దారులు ఇస్తారు. ఒకటి, ఒకటి రెండు వారాలు దానంతట అదే పోయేదాకా ఆగడం. రెండు, మాత్రలు: ముందు మిఫెప్రిస్టోన్, రెండు రోజుల తర్వాత మిసోప్రోస్టాల్. మూడు, సక్షన్‌తో తీయడం, మత్తు ఇచ్చి గానీ, ఆ భాగం వరకు మొద్దుబారేలా చేసి గానీ. బ్లైటెడ్ ఓవమ్‌కు మూడూ సరైనవే. నేను మాత్రలు ఎంచుకున్నాను. రక్తం, నొప్పి రెండూ అనుకున్నదానికంటే చాలా ఎక్కువగా వచ్చాయి. ముందే పెద్ద ప్యాడ్లు, నొప్పి మాత్రలు దగ్గర పెట్టుకుని, ఆ రోజు భర్తను సెలవు పెట్టించండి. గంటకు రెండు ప్యాడ్లు చొప్పున వరుసగా రెండు గంటలు తడిసిపోతే, కళ్లు తిరిగితే ఇక ఆగకుండా అత్యవసర విభాగానికి వెళ్లండి. స్కాన్‌లోనే మోల్ అనుమానం వస్తే మాత్రం మాత్రలు వద్దు, సక్షనే మంచిదని డాక్టర్లే చెబుతారు. మీ రక్తం నెగెటివ్ గ్రూప్ అయితే యాంటీ-డి ఇంజెక్షన్ అవసరమా అని ఆరోజే అడగండి.

సక్షన్ అయితే కణజాలం ల్యాబ్‌కు వెళ్తుంది. సంతకం పెట్టే కాగితాల్లో హిస్టాలజీకి పంపుతున్నారా అని అడగండి. ఇంట్లో పోతే ల్యాబ్‌కు పంపడానికి ఏమీ ఉండదు. అక్కడే అసలు చిక్కు. అందుకే మూడు వారాల తర్వాత ఇంట్లోనే యూరిన్ ప్రెగ్నెన్సీ టెస్ట్ చేసుకుని, పాజిటివ్ వస్తే ఫోన్ చేయమంటారు. ఒక్కోసారి కిట్ కూడా వాళ్లే ఇస్తారు. చాలామంది బాధతో ఆ కిట్‌ను డ్రాయర్‌లో పడేస్తారు, మళ్లీ ఆ గీతలు చూడలేక. దయచేసి అలా చేయకండి. మూడు వారాలకూ పాజిటివ్ వస్తే లోపల ఇంకా ఏదో మిగిలి ఉండొచ్చు, మోల్ అయి ఉండొచ్చు, అరుదుగా గర్భం వేరేచోట ఉండొచ్చు. నెగెటివ్ వచ్చి రక్తస్రావం ఆగిపోతే, బ్లైటెడ్ ఓవమ్ వరకు వైద్యపరంగా పని అయిపోయినట్టే. ఒక నెలసరి వచ్చాక మళ్లీ ప్రయత్నించొచ్చు. నాకు అక్కడితో ముగిసింది.

ఆ అమ్మాయి సక్షన్ ఎంచుకుంది. మార్చి 4న చేశారు. మూడు వారాలకు ఉత్తరం వచ్చింది: కంప్లీట్ మోల్. దాంతోపాటు లండన్‌లోని చేరింగ్ క్రాస్ ఆసుపత్రిలో పేరు నమోదు చేస్తున్నాం అని. ఇంగ్లండ్, వేల్స్‌లో ఈ జబ్బును చూసే కేంద్రాలు రెండే, చేరింగ్ క్రాస్, షెఫీల్డ్. స్కాట్లండ్‌వాళ్లను డండీలో నమోదు చేస్తారు. ఆ కేంద్రానికి ప్రతిసారీ రైలెక్కి వెళ్లాల్సిన పని లేదు. పోస్టులో డబ్బా వస్తుంది, యూరిన్ నింపి పంపాలి. రక్తం జీపీ దగ్గర గానీ దగ్గరి ఆసుపత్రిలో గానీ ఇస్తే సరిపోతుంది. వీసాతోపాటు హెల్త్ సర్‌చార్జ్ కట్టి వచ్చారు కాబట్టి ఆసుపత్రి బిల్లు ఉండదు. డాక్టర్ ఇంగ్లీషు అర్థం కాదనిపిస్తే తెలుగు ఇంటర్‌ప్రెటర్ కావాలని అపాయింట్‌మెంట్‌కు ముందే అడగండి. ఇలాంటి విషయాల్లో భర్త అనువదించి చెబితే సగం మాటలు మింగేస్తాడు, మిమ్మల్ని బాధపెట్టడం ఇష్టంలేక.

ఆ పరీక్షలన్నీ హెచ్‌సీజీ అనే ఒక్క హార్మోన్ కోసమే. ప్రెగ్నెన్సీ టెస్ట్‌లో గీత తెప్పించేది అదే. మోల్ కణాలు ఎక్కడైనా మిగిలి పెరుగుతుంటే అది తగ్గడం ఆగిపోతుంది, లేదా మళ్లీ పెరుగుతుంది. రక్తంలో 5 కంటే తక్కువకు వస్తే మామూలు స్థాయి. ఆమెకు మార్చి 31న 212, ఏప్రిల్ 14న 19, ఏప్రిల్ 28న 3 వచ్చాయి. ఏప్రిల్ 28 అంటే సక్షన్ తర్వాత 55వ రోజు. ఇక్కడ 56 రోజులు అనేది గీత. ఆ లోపు మామూలుకు వస్తే సక్షన్ తేదీ నుంచి ఆరు నెలలు చూస్తారు, అంటే ఆమెకు సెప్టెంబర్ 4 వరకు. ఆ గీత దాటి మే 12న వచ్చి ఉంటే, ఆ తేదీ నుంచే ఆరు నెలలు, నవంబర్ 12 దాకా ఆగాల్సి వచ్చేది. పార్షియల్ మోల్ అయితే ఇంత పొడుగు ఉండదు. మామూలుకు వచ్చాక కనీసం నాలుగు వారాల తేడాతో రెండో పరీక్ష కూడా మామూలుగా ఉంటే వదిలేస్తారు.

ఈ మధ్యలో గర్భం రాకూడదు. ఆమె అత్తగారు "పోయింది పోనీ అమ్మా, వెంటనే మళ్లీ నిలబెట్టుకో" అన్నారు, ప్రేమతోనే. కానీ కొత్త గర్భం వస్తే హెచ్‌సీజీ పెరుగుతుంది. అది బిడ్డదా, మిగిలిన మోల్‌దా అని చెప్పలేరు. నేను ఆవిడతో ఫోన్‌లో ఇదే చెప్పాను: "పిన్నిగారూ, ఆ లెక్క చూసేవాళ్ల కళ్లకు గంతలు కట్టినట్టవుతుంది". ఆ మాట ఆవిడకు అర్థమైంది. నిరోధ్ గానీ, డాక్టర్‌ను అడిగి మాత్రలు గానీ వాడండి. కాపర్ టీ లాంటివి మాత్రం హెచ్‌సీజీ మామూలుకు వచ్చేదాకా వద్దు.

ఉత్తరంలో కీమోథెరపీ అనే మాట చూసి ఆమె భర్త రాత్రంతా నిద్రపోలేదు. కంప్లీట్ మోల్ వచ్చిన వందమందిలో పదమూడు నుంచి పదహారు మందికి మందు అవసరమవుతుంది, పార్షియల్‌లో ఒకరికి కూడా అరుదే. అవసరమైనా ఎక్కువమందికి మెథోట్రెక్సేట్ ఒక్కటే సరిపోతుంది. ఇంజెక్షన్ రోజు విడిచి రోజు నాలుగు, మధ్య రోజుల్లో ఫోలినిక్ యాసిడ్ మాత్రలు, రెండు వారాలకోసారి ఆ వరుస మళ్లీ. సాధారణంగా జుట్టు రాలదు. ఈ దశలో మొదలుపెట్టినవాళ్లు దాదాపు అందరూ నయమవుతారు. తర్వాత మాత్రం గర్భానికి ఏడాది ఆగమంటారు. ఆమెకు ఆ అవసరం రాలేదు.

జూలైలో తమ్ముడి పెళ్లికి ఆమె కరీంనగర్ వెళ్లాల్సి వచ్చింది. వెళ్లొచ్చు, కానీ ముందే కేంద్రానికి ఫోన్ చేసి తేదీలు చెప్పాలి, ఉత్తరాల కాపీలు దగ్గర పెట్టుకోవాలి. అక్కడ ల్యాబ్‌లో అవునా కాదా అని చెప్పే పరీక్ష కాకుండా, అంకె వచ్చే బీటా హెచ్‌సీజీ అడగాలి. ల్యాబ్ మారితే అంకెలు కొంచెం తేడాగా రావొచ్చు కాబట్టి అన్నిసార్లూ ఒకే ల్యాబ్‌లో చేయించుకోవాలి. ఆమె రెండుసార్లు చేయించుకుని రిపోర్టులు ఈమెయిల్‌లో పంపింది.

మళ్లీ మోల్ వచ్చే అవకాశం వందలో ఒకటి. సెప్టెంబర్‌లో డిశ్చార్జ్ ఉత్తరం వచ్చింది. మరుసటి వేసవిలో నెల తప్పింది. ఏడో వారంలో ముందస్తు స్కాన్ కావాలని అడిగింది, ఇచ్చారు. ఈసారి కూడా కార్ పార్కింగ్ నుంచే ఫోన్ చేసింది. "అక్కా, గుండె కొట్టుకుంటోంది" అంది.