పేమెంట్ లింక్ పంపితే కస్టమర్లు స్పామ్ అనుకుంటున్నారు, మెసేజ్‌లో ఏం మార్చాలి?

ప్రశ్న: ఆర్డర్ల మీద ఫొటో ఆల్బమ్‌లు చేస్తుంటాను. ముందు అడ్వాన్స్ తీసుకుని, పని అయ్యాక మిగతా డబ్బుకి చాట్‌లో పేమెంట్ లింక్ పంపుతాను. చాలామంది "ఇది నిజంగా మీరేనా?" అని ఫోన్ చేస్తున్నారు, ఒకావిడైతే బ్లాక్ చేసేసింది. నేను పంపేది ఇదీ:

```
ప్రియమైన కస్టమర్, మీ పేమెంట్ పెండింగ్‌లో ఉంది!! ⚠️
ఆర్డర్ రద్దు కాకుండా వెంటనే చెల్లించండి 👉 https://short.example/x7Kq2
100% సురక్షితం 🔒 ధన్యవాదాలు
```

జవాబు: నేను ఒక ప్రింటింగ్ యూనిట్‌లో కస్టమర్ల చాట్లు, వసూళ్లు చూసుకుంటాను. ఇలాంటి మెసేజ్‌లు రోజూ పంపే పనే నాది.

మీ మెసేజ్‌లో మర్యాదకు లోటేం లేదండి. కాకపోతే అందులో ఉన్న ప్రతి మాటా మీరెవరో, ఆవిడెవరో తెలియని మనిషి కూడా రాయగలిగిందే. మోసం చేసేవాడు ఒకే మెసేజ్‌ని వేలమందికి పంపుతాడు. అందుకే "ప్రియమైన కస్టమర్" అంటాడు, ఏ ఆర్డరో చెప్పడు, ఆలోచించే టైమ్ ఇవ్వకుండా "వెంటనే" అంటాడు. "100% సురక్షితం" అని తాళం బొమ్మ పెట్టేదీ ఎక్కువగా వాడే. అడగకుండానే నేను దొంగను కాను అన్నట్టుంటుంది. ఆ లైన్ మొత్తం తీసేయండి.

దాని బదులు పెట్టాల్సింది మీ ఇద్దరికీ మాత్రమే తెలిసిన సంగతి. చాలామంది ఇక్కడ ఆర్డర్ నంబర్ పెట్టి సరిపెడతారు. కానీ తన ఆర్డర్ నంబర్ ఎవరికి గుర్తుంటుంది? సరైనదో కాదో చూసుకోవాలంటే పాత చాట్ తవ్వాలి. పైగా నంబర్ లాంటివి ఎక్కడినుంచైనా బయటికి పోవచ్చు. అదే "12వ పేజీలో ఫొటో మార్చమన్నారు కదా, మార్చాను" అంటే చదవగానే మీరేనని తెలిసిపోతుంది.

ఇంకో విషయం నాకు ఈ పనిలోనే అర్థమైంది. ఆర్డర్ ఇచ్చే మనిషి, డబ్బు కట్టే మనిషి చాలాసార్లు వేరు. మెసేజ్ రాగానే భర్తకో, కొడుకుకో ఫార్వర్డ్ అవుతుంది. అక్కడికి చేరేసరికి పైనున్న చాట్ ఉండదు, మీ ప్రొఫైల్ ఫొటో ఉండదు, ఒంటరిగా ఆ మెసేజ్ ఒక్కటే ఉంటుంది. "ఇది కట్టొచ్చా?" అని అడిగితే ఆ అబ్బాయి ఏం చూసి సరే అంటాడు? అందుకే ఎవరి ఆర్డర్, ఎవరు చేశారు, దేనికి, ఎంత అన్నవి ఆ ఒక్క మెసేజ్‌లోనే ఉండాలి. ఫార్వర్డ్ అవుతుంది కాబట్టే ఇంటి అడ్రస్ లాంటివి అందులో పెట్టకూడదు కూడా.

మీదే ఒక ఆర్డర్ తీసుకుందాం. నలభై పేజీల ఆల్బమ్, ఫోన్‌లో మాట్లాడాక ఇంకో నాలుగు పేజీలు చేర్చారు అనుకోండి. నేనైతే ఇలా పంపుతాను (పేర్లు, అంకెలు ఊరికే పెట్టినవి):

```
సునీత గారూ, రవి ఆల్బమ్స్ నుంచి రవిని.
పొద్దున ఫోన్‌లో అనుకున్నట్టు 12వ పేజీలో ఫొటో మార్చాను, చివర 4 పేజీలు చేర్చాను.
40 పేజీలకు 6,400, చేర్చిన 4 పేజీలకు 640, మొత్తం 7,040.
మీరిచ్చిన అడ్వాన్స్ 3,000 పోను ఇంకా ఇవ్వాల్సింది 4,040.

https://pay.example.com/ravi-albums/1187

తెరిస్తే పేజీ పైన "రవి ఎంటర్‌ప్రైజెస్" అని, 4,040 అని కనిపిస్తాయి. మా రిజిస్టర్డ్ పేరు అదే.
లింక్ శనివారం సాయంత్రం వరకు పనిచేస్తుంది. ఆ తర్వాతైతే చెప్పండి, ఇంకోటి పంపుతాను.
అనుమానం ఉంటే మీ అడ్వాన్స్ రసీదు మీదున్న నంబర్‌కి ఫోన్ చేయండి.
```

పొడుగైందనిపించొచ్చు. ఫర్వాలేదు. డబ్బు కట్టే ముందు మనిషి నిదానంగానే చదువుతాడు, రెండు లైన్లలో తేల్చేసిన మెసేజే అనుమానం తెప్పిస్తుంది. లెక్క విడదీసి చూపించడం కూడా అందుకే. ఆవిడకి గుర్తున్న అంకె 6,400, లేదా అందులో అడ్వాన్స్ తీసేస్తే వచ్చే 3,400. ఉత్త 4,040 అని చూస్తే "ఇదెక్కడి లెక్క?" అని ఆగిపోతుంది.

"పేజీ పైన ఈ పేరు కనిపిస్తుంది" అన్న లైన్ మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ వదలొద్దు. మా దగ్గర కస్టమర్లు ఎక్కువగా వెనక్కి తగ్గేది మెసేజ్ దగ్గర కాదు, లింక్ తెరిచాక. షాపు పేరు ఒకటి, పేమెంట్ కంపెనీ దగ్గర రిజిస్టరైన పేరు ఇంకొకటి ఉంటుంది. ఎప్పుడూ వినని పేరు కనపడగానే పేజీ మూసేస్తారు, మీకు చెప్పరు కూడా. పేమెంట్ అకౌంట్ సెట్టింగ్స్‌లో కస్టమర్‌కి కనిపించే పేరు, లోగో మార్చుకునే వీలు సాధారణంగా ఉంటుంది, ముందు అది చూడండి. మార్చడం కుదరకపోతే ఇలా ముందే చెప్పేయండి. బ్యాంకు స్టేట్‌మెంట్‌లో వచ్చే పేరు కూడా వేరుగా ఉంటే, రసీదు పంపేటప్పుడు అదీ చెప్పండి. లేకపోతే తర్వాత "ఈ డబ్బు ఎవరు లాగారు?" అని బ్యాంకుకి ఫిర్యాదు వెళ్తుంది.

ఇక లింక్ సంగతి. షార్ట్ లింక్ వాడకండి. ఎక్కడికి తీసుకెళ్తుందో దాచేయడమే అది చేసే పని, ఆ దాపరికమే మోసగాళ్లకి కావాల్సింది కూడా. జాగ్రత్తగా ఉండే కస్టమర్ లింక్‌లో చూసేది `//` తర్వాత వచ్చే మొదటి ఒంటి గీత `/` కి ముందున్న భాగాన్ని, అదీ కుడివైపు చివర్ని. ఈ రెండూ చూడండి:

```
https://pay.example.com/ravi-albums
https://example.com.pay-now.example/ravi-albums
```

మొదటిది `example.com` వాళ్లదే. రెండోదానిలో కూడా ఆ పేరే ముందు కనిపిస్తుంది గానీ, అసలు యజమాని `pay-now.example`. అంటే మోసగాడు తెలిసిన పేరుని ఎడమవైపు తగిలించి నమ్మించే రకం. అందుకే ఒంటి గీత తర్వాత మీ షాపు పేరు పెట్టుకోవడం చూడ్డానికి బావుంటుందే తప్ప రుజువు కాదు, అక్కడ ఎవడైనా ఏమైనా రాసుకోవచ్చు. కుదిరితే మీ సొంత వెబ్‌సైట్ పేరు మీదే లింక్ వచ్చేలా పెట్టుకోండి. లేకపోతే పేమెంట్ కంపెనీ ఇచ్చిన పూర్తి లింక్‌నే ఉన్నదున్నట్టు పంపండి. `https` ఉంది కదా అని భరోసా ఇవ్వొద్దు. మధ్యలో ఎవరూ చదవకుండా చేయడం వరకే దాని పని. అవతల ఉన్నవాడు మంచివాడా కాదా అన్నది అది చెప్పదు, దొంగ సైట్లకీ అది ఉంటుంది.

లింక్‌ని ఒక లైన్‌లో ఒంటరిగా ఉంచండి. మనం తెలుగులో రాసేటప్పుడు అలవాటుగా లింక్ చివర "కి", "లో" అతికించేస్తాం. కొన్ని యాప్‌లు ఆ అక్షరాన్ని కూడా లింక్‌లో కలిపేసుకుంటాయి, నొక్కితే తప్పుడు పేజీ వస్తుంది. ఫుల్‌స్టాప్‌తోనూ అప్పుడప్పుడూ ఇదే గోల. లింక్ తెరిచి "పేజీ దొరకలేదు" అని చూసిన మనిషి రెండోసారి నొక్కడు.

పేస్ట్ చేయగానే పంపు బటన్ నొక్కకుండా ఒక్క క్షణం ఆగండి. వాట్సాప్ లాంటి వాటిలో లింక్ కింద వచ్చే చిన్న బొమ్మ, పేరు పంపేవాళ్ల ఫోన్‌లోనే తయారవుతాయి. తొందరపడితే ఉత్త లింక్ వెళ్తుంది. ప్రివ్యూలో మీ షాపు పేరు వస్తే మంచిదే, వేరే ఏదో పేరో, ఇంకెవరి లోగోనో వస్తే మాత్రం ప్రివ్యూని తీసేసి పంపడం నయం.

మాట తీరు గురించి ఒక్క ముక్క. ఇన్నాళ్లూ ఇంగ్లిష్ అక్షరాల్లో తెలుగు టైప్ చేస్తూ "సరే అండి, రేపు చూద్దాం" అన్న మనిషి, డబ్బు దగ్గరికి రాగానే ఆఫీసు నోటీసు భాషలోకి మారితే ఫోన్ ఎవరి చేతికో పోయిందనిపిస్తుంది. పైన నేను రాసిన దాన్ని మీరు మామూలుగా రాసే తీరులోకి మార్చుకోండి. పంపేది కూడా ఆ పాత చాట్‌లోనే, ఆ పాత నంబర్ నుంచే. కొత్త నంబర్‌ నుంచి డబ్బు అడగాల్సి వస్తే, లింక్ లేకుండా ముందు పాత నంబర్ నుంచి ఆ సంగతి చెప్పండి.

అలాగే అనుమానం ఉంటే ఫోన్ చేయమన్నప్పుడు నంబర్ మెసేజ్‌లో రాయకుండా, ఆవిడ దగ్గర ఇప్పటికే ఉన్న రసీదు వైపు చూపించాను గమనించారా? మెసేజ్ నిజమో కాదో తెలుసుకోవడానికి ఆ మెసేజ్‌లోని నంబర్‌కే ఫోన్ చేస్తే ఏం తేలుతుంది!

మీ పేమెంట్ టూల్‌లో లింక్ తయారుచేసేటప్పుడు "కస్టమర్‌కి ఎస్సెమ్మెస్ పంపు" లాంటి టిక్ ఉందేమో చూడండి. అది ఆన్‌లో ఉంటే మీ మెసేజ్‌తో పాటే ఏదో తెలియని పేరు నుంచి అదే మొత్తానికి ఇంకో లింక్ వెళ్తుంది. మీరే అని నమ్మిన మనిషి కూడా అప్పుడు తికమకపడుతుంది. దాన్ని ఆపేయండి.

గుర్తుచేయాల్సి వస్తే కొత్త మెసేజ్ రాయకుండా, పాత మెసేజ్‌కే రిప్లైగా "సునీత గారూ, దీని సంగతి ఒకసారి చూస్తారా" అంటే చాలు, లెక్క అంతా పైనే ఉంటుంది. మొత్తం మారితే మాత్రం పాత లింక్‌ని టూల్‌లో రద్దు చేసి, "పాతది పనిచేయదు, ఒక పేజీ తగ్గించాం కాబట్టి ఇది కొత్తది" అని కారణంతో సహా పంపండి. రెండు లింకులు బతికుంటే రెండూ కట్టేసే వాళ్లున్నారు, ఆ డబ్బు వెనక్కి పంపడం వేరే తలనొప్పి.